వక్తల వేళలు మార్చాల్సి వస్తే

హైదరాబాద్‌లో వైద్యుల సదస్సు జరుగుతోందనుకుందాం. ఉదయం 11:30కి మధుమేహంపై మాట్లాడాల్సిన డాక్టరుగారి రైలు ఆలస్యమైంది. మధ్యాహ్నం 3:00కి మూత్రపిండాలపై ప్రసంగం ఉంది. ఇద్దరి వేళలూ తారుమారు చేస్తే సరిపోతుందనిపిస్తుంది.

ముందు చూడాల్సింది నిడివి. ఒకరిది 30 నిమిషాలు, మరొకరిది 45 అయితే భోజన విరామం దాకా అన్నీ జరిగిపోతాయి. ఆ తర్వాత, ముందుకు జరగాల్సిన వక్త 11:30కి వేరే హాల్లో అధ్యక్షత వహిస్తున్నారేమో చూడాలి. చాలామంది తడబడేది ఇక్కడే. ఇద్దరికీ ఫోన్ చేసి, నోటిమాటగా ఒప్పుకున్నాక కూడా కొత్త సమయం, హాలు మెసేజ్‌లో పంపి, జవాబు వచ్చేదాకా ఎవరికీ ప్రకటించకూడదు. ఆపైన సభాధ్యక్షుడికి, స్లైడ్లు చూసే కుర్రాడికి చెప్పాలి. లేకపోతే మూత్రపిండాల డాక్టరు మైకు ముందుకొచ్చేసరికి తెరపై మధుమేహం స్లైడ్లుంటాయి.

శ్రోతలకు ‘ఇద్దరి సమయాలూ మారాయి’ అంటే చాలదు. ఎవరు ఎప్పుడో వాళ్లే లెక్కేసుకోవాల్సి వస్తుంది. ఇలా రాయాలి: ‘మూత్రపిండాలపై ప్రసంగం: ఉదయం 11:30, హాలు 2. మధుమేహంపై ప్రసంగం: మధ్యాహ్నం 3:00, హాలు 2. మిగతా కార్యక్రమాల్లో మార్పు లేదు.’ ఆ చివరి వాక్యం ఎన్నో ప్రశ్నలను ఆపుతుంది.

పాత పట్టిక వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంటుంది. అందుకే కొత్తదాని నెత్తిన ‘ఉదయం 9:40కి సవరించినది’ అని వేయాలి. హాలు తలుపు మీద పాత కాగితాన్ని తీసేసి మరీ కొత్తది అంటించాలి.