మేనేజర్ సెలవులో ఉంటే మన లీవ్ ఎవరు ఓకే చేస్తారు?

మనకి సెలవు కావాలంటే మేనేజర్‌ని అడుగుతాం. మేనేజర్‌కే కావాలంటే డైరెక్టర్‌ని అడుగుతారు. అక్కడితో అయిపోదు. టీమ్ అప్రూవల్స్‌ని డిప్యూటీకి అప్పగించడం వేరే పని. డైరెక్టర్ లీవ్ ఓకే చేసినంత మాత్రాన అవి వాటంతటవే డిప్యూటీకి వెళ్లిపోతాయనుకోవద్దు.

నేను ఇదివరకు పనిచేసిన ఒక కంపెనీలో మేనేజర్ తమ్ముడి పెళ్లికి వారం రోజులు వెళ్లారు. 'అన్నీ లీడ్ చూసుకుంటారు' అని ఆటో రిప్లై పెట్టారు. లీవ్ సిస్టమ్ ఆటో రిప్లై చదవదు కదా! మా టీమ్‌లో ఒకబ్బాయి వాళ్లమ్మ ఆపరేషన్ కోసం మూడు రోజులు అప్లై చేస్తే, అది మేనేజర్ ఇన్‌బాక్స్‌లోనే పెండింగ్‌లో ఉండిపోయింది. లీడ్ నోటిమాటగా 'వెళ్లిరా' అన్నారు, వెళ్లాడు. ఈలోగా ఆ నెల అటెండెన్స్ క్లోజ్ అయ్యి, మూడు రోజుల జీతం కట్. తర్వాతి నెల తిరిగిచ్చారనుకోండి, కానీ హాస్పిటల్ బిల్లు కట్టాల్సింది ఆ నెలలోనే.

ఇప్పటి మా మేనేజర్ పద్ధతి వేరు. మొన్న సంక్రాంతికి సోమవారం నుంచి శుక్రవారం దాకా లీవ్ అనుకోగానే, ముందు మా లీడ్‌ని 'ఆ వారం నువ్వు ఊళ్లోనే ఉంటావా?' అని అడిగారు. పండక్కి ఆయన కూడా ఊరెళ్తే ఇక అప్పగించేది ఎవరికి? ఆ తర్వాతే డైరెక్టర్‌కి మెయిల్ పెట్టారు:

'సోమవారం నుంచి శుక్రవారం వరకు నాకు సెలవు కావాలి. టీమ్ లీవులు, టైమ్‌షీట్లు లీడ్ అప్రూవ్ చేస్తారు. ఖర్చుల బిల్లులు, లీడ్ సొంత లీవ్ మాత్రం మీరు చూడాలి.'

ఆ చివరి వాక్యం ముఖ్యం. తన లీవ్ తనే ఓకే చేసుకునే పరిస్థితి ఎవరికీ రాకూడదు.

డైరెక్టర్ సరే అన్నాక సిస్టమ్‌లో డెలిగేషన్ పెట్టారు. సోమవారం నుంచి కాదు, ముందు శుక్రవారం మధ్యాహ్నం నుంచే. అప్పటికే తన దగ్గరున్న రిక్వెస్టులన్నీ అంతకుముందే క్లియర్ చేసేశారు, ఎందుకంటే కొన్ని టూల్స్‌లో డెలిగేషన్ కొత్తగా వచ్చేవాటికే పనిచేస్తుంది. తర్వాత నాతో ఒక టైమ్‌షీట్ సబ్మిట్ చేయించి, అది లీడ్ స్క్రీన్ మీద కనిపించిందో లేదో చూశారు. ముగింపు తేదీ కూడా అప్పుడే పెట్టేశారు. లేకపోతే ఆమె తిరిగొచ్చాక కూడా మన లీవులు లీడ్ దగ్గరికే పోతుంటాయి.

ఈ గొడవంతా ఎందుకు, పాస్‌వర్డ్ ఇచ్చేస్తే పోలేదా అంటారా? అలా చేస్తే రికార్డులో ఆమే ఓకే చేసినట్టు పడుతుంది. డెలిగేషన్‌లో అయితే ఆమె తరఫున లీడ్ చేశారని ఉంటుంది.

లీడ్‌కి బటన్‌తో పాటు ఒక నియమం కూడా ఇచ్చి వెళ్లారు. తొమ్మిది మందిలో రోజూ కనీసం నలుగురు డ్యూటీలో ఉండాలి. బుధవారం ఇద్దరు ఒకేసారి అడిగితే, ఉన్నది ఐదుగురే కాబట్టి లీడ్ ఒకరికే ఇచ్చారు. రెండోవాళ్లు మేనేజర్‌కి ఫోన్ చేస్తే, 'ఈ వారం లీడ్ మాటే ఫైనల్' అని పెట్టేశారట.