ఫ్యాను మోత పోతుంది, కీబోర్డు టకటక ఎందుకు పోదు?

మే నెలలో ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో ఆన్‌లైన్ మీటింగులో కూర్చున్న మనిషిని ఫ్యాను ఆపెయ్యమనడం కుదిరే పని కాదు. ఏసీ లేని గదిలో నెత్తిమీద ఫ్యాను అయిదు మీదే తిరుగుతుంది. ఎండకు వేడెక్కిన ల్యాప్‌టాప్‌లో చిన్న ఫ్యాను మరో పక్క రొద పెడుతుంది. మాట్లాడుతూనే నోట్సు టైపు చేసుకునే అలవాటుంటే కీబోర్డు టకటక కూడా తోడవుతుంది. అవతల వింటున్నవాళ్లకు ఇదంతా ఒకటే గోల. ఆ గోలను అప్పటికప్పుడు తీసెయ్యాల్సిన సాఫ్ట్‌వేర్‌కు మాత్రం ఫ్యాను, కీబోర్డు రెండూ పూర్తిగా వేర్వేరు సమస్యలు. మొదటిది చాలావరకు తేలిపోయింది. రెండోది ఇంకా ఇబ్బంది పెడుతూనే ఉంది.

ముందు ఫ్యాను సంగతి. మూడు రెక్కల సీలింగు ఫ్యాను నిమిషానికి 350 చుట్లు తిరుగుతోందనుకుందాం. అంటే సెకనుకు దాదాపు 6 చుట్లు, చుట్టుకు 3 రెక్కలు. ఒక చోటును సెకనుకు 17 లేదా 18 సార్లు రెక్క దాటిపోతుంది. 20 హెర్ట్జ్‌ల లోపు శబ్దం కాబట్టి అది మన చెవికి అందదు. మనకు వినిపించేవి రెండు. ఒకటి, రెక్కల వెనక గాలి సుడి తిరిగే హోరు. రెండోది మోటారు గుయ్‌మనే శబ్దం. మన కరెంటు 50 హెర్ట్జ్‌లు, మోటారులో అయస్కాంత బలం దానికి రెట్టింపు వేగంతో కదులుతుంది కాబట్టి ఆ గుయ్ 100 హెర్ట్జ్‌ల దగ్గర ఉంటుంది. ఎలక్ట్రానిక్ రెగ్యులేటరును తగ్గించినప్పుడు గాలి హోరు తగ్గి గుయ్ పెరగడం చాలా ఇళ్లలో గమనించవచ్చు. ఆ రెగ్యులేటరు కరెంటు అలను మధ్యలో తుంచుతుంది, అందుకే 200, 300 హెర్ట్జ్‌ల దగ్గర కూడా చప్పుడు పుడుతుంది.

ఎలా ఉన్నా, ఈ శబ్దం నిమిషం క్రితం ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంటుంది. దాని అసలు లక్షణం అదే. 1979లో స్టీవెన్ బోల్ ప్రచురించిన పద్ధతి దీనిమీదే ఆధారపడింది. మనిషి మాట ఆపిన క్షణాల్లో మిగిలిన శబ్దాన్ని కొలిచి, మాట మొదలయ్యాక ఆ కొలతను మొత్తంలోంచి తీసివేయాలి. తర్వాత వచ్చిన చాలా పద్ధతులు ఈ కొలతనే మెరుగుపరిచాయి. ఒకటి రెండు సెకన్ల పాటు గమనించే వ్యవధి దొరికితే ఫ్యానును పట్టుకోవడానికి చాలు.

కీబోర్డుకు ఈ లెక్క పనికిరాదు. ఒక మీట నొక్కితే వచ్చే చప్పుడు సెకనులో వందో వంతు నుంచి వందింట మూడు వంతుల దాకా ఉంటుంది. మీట వదిలినప్పుడు ఇంకో చిన్న చప్పుడు. నిమిషానికి 40 ఇంగ్లిషు మాటలు కొట్టేవారు సుమారు 200 మీటలు నొక్కుతారు. సెకనుకు 3కు పైగా నొక్కులు, వదలడం కూడా కలిపితే 6 లేదా 7 చప్పుళ్లు. కొలత పూర్తయ్యేలోపే చప్పుడు అయిపోతుంది, తర్వాతి చప్పుడు ఎప్పుడొస్తుందో తెలియదు. అందుకే మాటలు, చప్పుళ్లు వేలకొద్దీ వినిపించి నేర్పిన న్యూరల్ నెట్‌వర్కులు రంగంలోకి వచ్చాయి.

అవి ఎలా పనిచేస్తాయో చూడటానికి అనువైనది RNNoise. ఇది జాన్ మార్క్ వాలిన్ 2017లో అందరికీ ఉచితంగా విడుదల చేసిన సాఫ్ట్‌వేర్. లోపల ఏముందో దాచలేదు కాబట్టి అంకెలు చెప్పుకోవచ్చు. సెకనుకు 48,000 నమూనాలుగా వచ్చే శబ్దాన్ని దాని 2017 వెర్షన్ 10 మిల్లీసెకన్ల ముక్కలుగా కోస్తుంది. అంటే ముక్కకు 480 నమూనాలు, సెకనుకు 100 ముక్కలు. ప్రతి ముక్కనూ కింది స్వరం నుంచి పై స్వరం దాకా 22 పట్టీలుగా విడదీసి, ఒక్కో పట్టీకి 0 నుంచి 1 లోపు ఒక అంకె ఇస్తుంది. 1 అంటే ఉన్నదున్నట్టు పోనివ్వడం, 0 అంటే పూర్తిగా మూసెయ్యడం. 22 మీటలున్న ఈక్వలైజరును సెకనుకు వందసార్లు సర్దుతున్నట్టు అనుకోండి. చేసేదంతా అంతే. మాటను విడిగా, చప్పుడును విడిగా తీసి పెట్టడం లేదు.

చిక్కంతా ఇక్కడే ఉంది. పట్టీలో మాట, చప్పుడు రెండూ ఉంటే ఒకే అంకె రెండింటికీ వర్తిస్తుంది. అడుగున ఉన్న పట్టీల వెడల్పు దాదాపు 200 హెర్ట్జ్‌లు. 100 దగ్గర ఫ్యాను గుయ్, 120 దగ్గర మగవాడి గొంతు ఉంటే రెండూ ఒకే చోట పడతాయి. దీనికోసం RNNoiseలో గొంతు శ్రుతిని పసిగట్టి, దాని మధ్య ఖాళీల్లో ఉన్న శబ్దాన్ని అణిచే ఫిల్టరు విడిగా పెట్టారు. ఫ్యానుకు ఈ ఉపాయం పనిచేస్తుంది. కీబోర్డు చప్పుడు ఒక పట్టీలో కాదు, పై నుంచి కింది దాకా అన్ని పట్టీల్లోనూ ఒక్కసారిగా పడుతుంది. మీరు మౌనంగా ఉన్నప్పుడు మీట నొక్కితే అది 22 పట్టీలూ మూసేస్తుంది, అవతలివాళ్లకు ఏమీ వినపడదు. మాట్లాడుతుండగా నొక్కితే ఉన్నవి రెండే దారులు. టక్‌మనే చప్పుడును మాట కింద అలాగే వదిలెయ్యాలి, లేదా దాన్ని పదో వంతుకు తగ్గించి ఆ క్షణంలో ఉన్న అక్షరాన్ని కూడా పదో వంతుకు తగ్గించాలి.

మన క, ట, ప అక్షరాల పుట్టుక గమనిస్తే ఇది ఎంత ఇరుకో తెలుస్తుంది. "చెట్టు" అన్నప్పుడు నాలుక అంగిలికి తగిలి ఒక క్షణం పూర్తి నిశ్శబ్దం, తర్వాత చిన్న పేలుడు. ఆ పేలుడు కూడా మీట చప్పుడులాగే కొన్ని మిల్లీసెకన్లే ఉంటుంది, అదీ నిశ్శబ్దం తర్వాతే వస్తుంది. తర్వాత వచ్చే అచ్చు విన్నాకే అది మాట అని గట్టిగా తేలుతుంది. అంతదాకా ఆగే వీలు సాఫ్ట్‌వేర్‌కు లేదు.

ఎందుకు లేదంటే, సంభాషణ సాఫీగా సాగాలంటే ఒక వైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకూడదని ఐటీయూ సిఫారసు. ఏలూరు నుంచి డల్లాస్‌కు సుమారు 14,000 కిలోమీటర్లు. గాజు తీగలో కాంతి సెకనుకు 2,00,000 కిలోమీటర్లు పోతుంది కాబట్టి నేరుగా తీగ వేసినా 70 మిల్లీసెకన్లు దారికే పోతాయి. నిజం దారి ఇంకా పొడవు. మైక్రోసాఫ్ట్ 2020లో నాయిస్ అణిచివేత మీద పోటీ పెట్టినప్పుడు, ముక్క పొడవు, తర్వాత రాబోయే శబ్దం కోసం ఆగడం అన్నీ కలిపి అనుమతించిన ఆలస్యం గరిష్ఠంగా 40 మిల్లీసెకన్లు. అరసెకను ఆగే అవకాశముంటే "ట్ట" ఏదో మీట ఏదో తేలిగ్గా తేల్చవచ్చు, కానీ అప్పుడు ఇద్దరూ ఒకరి మాటకు ఒకరు అడ్డుపడతారు.

ఈ పోటీలో శ్రోతలు మాట ఎంత బాగుంది, చప్పుడు ఎంత ఇబ్బంది పెట్టింది, మొత్తంమీద ఎలా ఉంది అని మూడు మార్కులు విడివిడిగా వేసే పద్ధతి తర్వాతి సంవత్సరాల్లో వాడారు. చప్పుడు మార్కులు పెరిగినంతగా మాట మార్కులు పెరగలేదు. నా దృష్టిలో సంస్థలు ప్రకటనల్లో చెప్పాల్సిన అంకె ఈ మాట మార్కే. చప్పుడు ఎంత పోయిందో వినిపించడం సులువు, దానితోపాటు ఏ అక్షరాలు పోయాయో ఎవరూ వినిపించరు. తెలుగులో అది కొంచెం ఎక్కువ నష్టమని నా అభిప్రాయం. మన వాక్యంలో చేశాడో చెయ్యలేదో చెప్పేది చివరి మాట, గొంతు తగ్గేది కూడా అక్కడే. మెల్లగా ముగిసిన "లేదు" హోరులో కలిసిపోయి మూసిన పట్టీలో పడితే అర్థమే తిరగబడుతుంది.

ఇక ఒక గది లెక్క. తాడేపల్లిగూడెంలో ఒక ఉద్యోగి ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నారు. నోటికి, ల్యాప్‌టాప్ మైకుకు 60 సెంటీమీటర్లు. మీటలకు, ఆ మైకుకు 10 సెంటీమీటర్లు. దూరం సగమైతే శబ్దం 6 డెసిబెల్స్ పెరుగుతుంది, కాబట్టి ఆరు రెట్ల దగ్గరితనం వల్ల మీటలకు నోటికన్నా దాదాపు 16 డెసిబెల్స్ అదనపు బలం దొరుకుతుంది. చప్పుడు ల్యాప్‌టాప్ ఒంటిగుండా కూడా మైకుకు చేరుతుంది, అది ఈ లెక్కలో లేదు. ఇప్పుడు వైరున్న ఇయర్‌ఫోన్ పెట్టుకున్నారు. మైకు నోటికి 15, మీటలకు 45 సెంటీమీటర్లు. ఈసారి నోటికే దాదాపు 10 డెసిబెల్స్ మొగ్గు. మొత్తం తేడా సుమారు 25 డెసిబెల్స్, అంటే దాదాపు 18 రెట్లు. ఇందులో ఒక్క అక్షరం కూడా నలగలేదు. ఫ్యానుదీ అంతే. నోరు 60 నుంచి 15కు దగ్గరైతే మాట 12 డెసిబెల్స్ పెరుగుతుంది, గదంతా పరుచుకున్న హోరు అలాగే ఉంటుంది. ఫ్యాను గాలి నేరుగా మైకు రంధ్రానికి కొట్టకుండా చూసుకోవాలి. ఆ దెబ్బకు సిగ్నలు నెత్తి తెగిపోతే ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని తిరిగి కట్టలేదు.

మైకు సర్దుకున్నాకే సెట్టింగులు. జూమ్‌లో ఆడియో సెట్టింగుల కింద అణిచివేతకు Low, Medium, High అని మెట్లున్నాయి. జూమ్ వివరణ ప్రకారమే ఫ్యానులాంటి చప్పుళ్లకు Medium చాలు, కీబోర్డు పోవాలంటే High కావాలి. మాటలు నలిగేదీ అక్కడే. టైపు చేసేవారు, మాట్లాడేవారు వేర్వేరైతే టైపు చేసేవారు మ్యూట్‌లో ఉండి, మాట్లాడేవారు Mediumలో ఉండటం మేలు. అక్షరాలు పోతున్నాయంటే తప్పు ఎక్కడిదో ఇలా తేల్చుకోవచ్చు. మీట నొక్కినప్పుడే మాట తెగుతుంటే, లేదా వాక్యం మొదలూ చివరా మింగేసినట్టుంటే అది అణిచివేత పని. బొమ్మ కూడా ఆగిపోయి, మాట రోబో గొంతులా సాగుతుంటే నెట్‌వర్కు. అనుమానముంటే అదే మైకుతో మామూలు రికార్డరులో ఒక నిమిషం మాట్లాడి చూడండి. అక్కడ శుభ్రంగా ఉండి మీటింగులో పోతుంటే మైకుది తప్పు కాదు.

ఈ సెట్టింగులు పనిచెయ్యని చోటొకటుంది. ఏలూరు నుంచి అమెరికా పిల్లలకు ఆన్‌లైన్‌లో సంగీతం చెప్పేవారికి తంబూరా నాదం తప్పదు. అది ఫ్యానులాగే మారకుండా సాగే శబ్దం, కాబట్టి కొద్ది సెకన్లలో సన్నబడి మాయమవుతుంది. మృదంగం దెబ్బ మీట చప్పుడులాగే లెక్కలోకి వస్తుంది. జూమ్‌లో Original sound for musicians ఆన్ చేస్తే అణిచివేత ఆగి తంబూరా నిలుస్తుంది, ఫ్యాను కూడా తిరిగొస్తుంది. పాఠం సాగినంతసేపు ఫ్యాను రెండు మీదికి దించి, మైకు గొంతుకు దగ్గరగా, తంబూరాను దానికి కాస్త ఎడంగా పెట్టుకోవాలి. లెక్క పైన చెప్పిన సెంటీమీటర్లదే.