ఆటలో కొంటే రసీదు ప్లే స్టోర్ నుంచి ఎందుకొస్తుంది?

ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఆట ఆడుతూ 89 రూపాయలకు నాణేలు కొన్నారనుకోండి. రసీదు మాత్రం ఆట తయారుచేసినవాళ్లు కాక గూగుల్ ప్లే పంపుతుంది. ఎందుకు?

'కొను' నొక్కగానే కింది నుంచి పైకి జరిగే చిన్న తెర ఆటది కాదు, ప్లే స్టోర్‌ది. అందుకే మీ కార్డు నంబరు ఆటకు తెలియదు. డబ్బు అందాక స్టోర్ ఆటకు ఒక టోకెన్ ఇస్తుంది. అది అసలుదేనా అని ఆట సర్వర్ స్టోర్‌నే అడిగి, నాణేలు వేసి, 'ఇచ్చేశాం' అని కబురు పెడుతుంది. మూడు రోజుల్లో ఆ కబురు అందకపోతే స్టోర్ మీ డబ్బు దానంతటదే వెనక్కి ఇచ్చేస్తుంది.

అంతా సవ్యంగా జరిగితే, కమీషన్ పట్టుకుని మిగతాది తయారీదారుకు చెల్లిస్తుంది. రసీదులో `GPA.`తో మొదలయ్యే ఆర్డర్ నంబరు దాచుకోండి. తేడా వస్తే అడగడానికి అదే ఆధారం.