గెస్ పేపర్‌ని సిలబస్ పక్కన పెట్టి చూడండి

సీబీఎస్‌ఈ పన్నెండో తరగతి ఫిజిక్స్ పరీక్ష దగ్గరపడగానే వాట్సాప్‌లో ‘తప్పక వచ్చే ప్రశ్నలు’ అంటూ పీడీఎఫ్‌లు తిరుగుతాయి. అలాంటిది చేతికొస్తే ముందు అందులో పొటెన్షియోమీటర్, సైక్లోట్రాన్, కార్బన్ రెసిస్టర్ల రంగుల కోడ్ ఉన్నాయేమో వెతకండి. ఒకప్పుడు ఇవి తప్పనిసరిగా చదివిన అంశాలే. 2022లో ఎన్‌సీఈఆర్‌టీ పాఠాలను కుదించినప్పుడు పుస్తకంలోంచి తీసేసింది. అవి ఇంకా కనిపిస్తున్నాయంటే పాత జాబితాకే కొత్త సంవత్సరం అంటించారన్నమాట.

ఇవి లేనంత మాత్రాన జాబితా మంచిదని కాదు. cbseacademic.nic.in లో ఆ ఏడాది సిలబస్ ఉచితంగా దొరుకుతుంది. థియరీకి 70 మార్కులు. అందులో విద్యుత్ పాఠాలకు 16, అయస్కాంతత్వం, ఏసీ కరెంటు కలిపి 17, కాంతికీ విద్యుదయస్కాంత తరంగాలకూ 18, ఫొటోఎలక్ట్రిక్ ఎఫెక్ట్, పరమాణువుల భాగానికి 12, సెమీకండక్టర్లకు 7. జాబితాలోని ఒక్కో ప్రశ్న పక్కన అది ఏ భాగానిదో రాసుకుంటూ వెళ్లండి. 30 ప్రశ్నల జాబితాలో కాంతి నుంచి నాలుగే ఉన్నాయనుకుందాం. పేపర్లో నాలుగో వంతుకు పైగా మార్కులున్న భాగానికి ఆ జాబితా ఏడో వంతు చోటు కూడా ఇవ్వలేదు. దాన్నే నమ్ముకున్న పిల్లవాడు ఎక్కడ నష్టపోతాడో పరీక్షకు ముందే తెలిసిపోతుంది.

తర్వాత మార్కులు చూడండి. ఇలాంటి జాబితాల్లో ఎక్కువగా ఉండేవి పొడవాటి డెరివేషన్లు. పేపర్లో 5 మార్కుల ప్రశ్నలు మూడే, అంటే 15 మార్కులు. ఒక మార్కు ప్రశ్నలే 16 ఉంటాయి. వాటికి డెరివేషన్ బట్టీ పట్టి లాభం లేదు.

పరీక్ష అయ్యాక ‘మేం చెప్పినవాటిలో ఎనభై శాతం వచ్చాయి’ అని ప్రచారం చేస్తారు. ఆ లెక్క ఎలా వస్తుందో చూడండి. జాబితాలో ‘లెన్స్ మేకర్ ఫార్ములా రాబట్టండి’ అని ఉంటుంది. పేపర్లోనేమో, వక్రీభవన గుణకం 1.5 ఉన్న కుంభాకార కటకాన్ని 1.6 ఉన్న ద్రవంలో ముంచితే ఏమవుతుందని అడుగుతారు. అంశం ఒకటే కాబట్టి వాళ్లు దాన్ని తమ ఖాతాలో వేసుకుంటారు. డెరివేషన్ మాత్రమే కంఠస్థం చేసిన విద్యార్థి ఆగిపోతాడు. 1.5ని 1.6తో భాగించి ఒకటి తీసేస్తే రుణసంఖ్య వస్తుందని, అందుకే కాంతిని కేంద్రీకరించే కటకం అక్కడ చెదరగొడుతుందని గ్రహించినవాడికే మార్కులు. అందుకే ‘వచ్చింది’ అని ఎవరన్నా, వాళ్లు ఇచ్చిన ప్రశ్ననూ అసలు పేపర్లోని ప్రశ్ననూ పూర్తి వాక్యాలుగా పక్కపక్కన పెట్టి చదవండి.

ఇంత సరిచూసినా ఈసారి ఏ ప్రశ్న వస్తుందో సిలబస్ చెప్పదు. ప్రశ్నల తీరు తెలియాలంటే అదే వెబ్‌సైట్‌లో బోర్డు పెట్టే శాంపిల్ పేపర్‌ను మార్కింగ్ స్కీమ్‌తో కలిపి చేయాలి. ఏ మెట్టుకు ఎంత మార్కు ఇస్తారో అందులో రాసి ఉంటుంది.