ఒకటికి రెండు అనుకుంటే లాభం వస్తుందా?

షేర్ల ట్రేడింగ్ నేర్పే చోట మొదట్లోనే వినిపించే పాఠం ఒకటుంది. పోతే రూపాయి, వస్తే రెండు రూపాయలు ఉండేలా చూసుకుంటే పదిలో ఆరుసార్లు తప్పినా లాభమే అంటారు. లెక్క సరైనదే. ఆరుసార్లు రూపాయి చొప్పున ఆరు పోతాయి, నాలుగుసార్లు రెండేసి చొప్పున ఎనిమిది వస్తాయి, రెండు మిగులుతాయి. అయితే ఆ నాలుగు గెలుపులు ఎక్కడి నుంచి వస్తాయో ఆ పాఠం చెప్పదు. తేలాల్సింది అదే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక షేరు కొన్ని వారాలుగా 480, 500 రూపాయల మధ్యే తిరిగి, ఒకరోజు భారీ వాల్యూమ్‌తో 500 దాటింది. దీన్నే బ్రేకవుట్ అంటారు. 500 దగ్గర వంద షేర్లు కొని, 490 దగ్గర స్టాప్‌లాస్, 520 దగ్గర టార్గెట్ పెట్టాం. రిస్క్ 1,000 రూపాయలు, రివార్డ్ 2,000. నష్టం లేకుండా బయటపడాలంటే ఎన్నిసార్లు గెలవాలి? రిస్క్‌ను, రిస్క్ రివార్డ్‌ల మొత్తంతో భాగిస్తే చాలు. 1,000ని 3,000తో భాగిస్తే 33.3 శాతం వస్తుంది.

ఇప్పుడు చార్టే చూడకుండా ఏదో ఒక షేరు కొని, స్టాప్‌నూ టార్గెట్‌నూ అంతే దూరంలో పెట్టామనుకోండి. ధరకు ఏ వైపూ మొగ్గు లేకపోతే, పది రూపాయలు తగ్గడానికి ముందే ఇరవై పెరిగే అవకాశం మూడింట ఒకటి. అంటే మళ్లీ అదే 33.3 శాతం. టార్గెట్‌ను 530కి జరిపితే 25 శాతం గెలిచినా చాలు. కానీ అంత దూరం వెళ్లే అవకాశం కూడా 25 శాతానికే పడిపోతుంది. నిష్పత్తిని ఎలా మార్చినా దానంతట అదే డబ్బు పుట్టించదు. గుడ్డిగా కొన్నా దక్కే శాతం కంటే ఈ బ్రేకవుట్ ఎక్కువసార్లు గెలిపిస్తేనే ఆ సెటప్‌కు విలువ.

మన బ్రేకవుట్ 40 శాతం గెలుస్తుందనుకుందాం. ట్రేడుకు సగటున మిగిలేదాన్ని ఎక్స్‌పెక్టెన్సీ అంటారు. గెలుపు వైపు 2,000లో 40 శాతం, అంటే 800. ఓటమి వైపు 1,000లో 60 శాతం, అంటే 600. కాగితం మీద ట్రేడుకు 200 రూపాయల లాభం.

ఇక ఖర్చులు. డెలివరీ ట్రేడులో కొన్నప్పుడూ అమ్మినప్పుడూ 0.1 శాతం చొప్పున సెక్యూరిటీస్ లావాదేవీల పన్ను పడుతుంది. యాభై వేల రూపాయల ట్రేడుకు అదే వంద రూపాయలు. స్టాంపు డ్యూటీ, డీమ్యాట్ రుసుము లాంటివి కలిపి మొత్తం 130 అనుకుందాం. అప్పుడు గెలిస్తే చేతికొచ్చేది 1,870, ఓడితే పోయేది 1,130. సగటు లాభం 200 నుంచి 70కి దిగింది.

స్టాప్‌లాస్ కూడా ప్రతిసారీ 490 దగ్గరే అమలు కాదు. మర్నాడు షేరు 485 దగ్గర తెరుచుకుంటే అమ్మకం అక్కడే జరుగుతుంది. సగటున 488 దగ్గర బయటపడ్డామనుకుంటే ఓటమి 1,330 అవుతుంది. అప్పుడు సగటున ట్రేడుకు 50 రూపాయల నష్టం. గెలుపు శాతం మారలేదు, చార్టు మారలేదు, లాభం మాత్రం నష్టమైంది. నష్టం లేకుండా నిలవడానికే ఇప్పుడు దాదాపు 42 శాతం గెలవాలి. గెలిచే ట్రేడును భయపడి 510 దగ్గరే అమ్మేసే అలవాటుంటే ఈ అంకె ఇంకా పెరుగుతుంది.

మరి ఆ 40 శాతాన్ని ఎలా నమ్మాలి? పాత చార్టుల్లో కంటికి బాగా కనిపించిన బ్రేకవుట్లనే ఏరుకుంటే లెక్క తప్పుతుంది. నియమం ముందే రాసుకుని, విఫలమైనవి సహా దానికి సరిపోయే ప్రతి సందర్భాన్నీ లెక్కించాలి. వంద ట్రేడుల్లో 40 గెలిచినా, అసలు గెలుపు శాతం సుమారు 30 నుంచి 50 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. ముప్పై ట్రేడులే చూస్తే ఆ వ్యత్యాసం ఇంకా పెద్దది. అందుకే పది ట్రేడులు బాగా వచ్చాయని పెట్టుబడి పెంచడం తొందరపాటు. 40 శాతం గెలిచే పద్ధతిలో వంద ట్రేడులకు వరుసగా ఏడెనిమిది ఓటములు రావడం మామూలే కాబట్టి, అవి చూసి మంచి పద్ధతిని వదిలేయడమూ తొందరపాటే.

కాబట్టి ఏ సెటప్‌కైనా డబ్బు పెట్టే ముందు అనుకున్న స్టాప్, టార్గెట్ కాకుండా ఖర్చులు పోను నిజంగా వచ్చిన, పోయిన రూపాయలను వంద ట్రేడులకు తక్కువ కాకుండా రాసి చూడండి. నష్టం లేకుండా నిలబెట్టే శాతం కంటే మీ గెలుపు శాతం స్పష్టంగా పైన లేకపోతే, ఆ చార్టు ఎంత అందంగా ఉన్నా దాన్ని వదిలేయండి.