ఆవకాయ జాడీ కారితే ఖర్చెంత?

ఆన్‌లైన్‌లో పచ్చళ్లు అమ్మే దుకాణం ఒకటి ఉందనుకుందాం. నెలకు 6,000 ఆర్డర్లు వస్తాయి, 800 ఫిర్యాదులూ వస్తాయి. ప్రతి ఫిర్యాదుకూ ఒక నంబరు, ఒక రకం పేరు ఇచ్చి కంప్యూటర్లో రాసుకుంటారు. కస్టమర్ కేర్ వాళ్ల భాషలో అదే టికెట్. ఆ 800లో 420 'నా పార్సిల్ ఎక్కడుంది?' అన్నవే. 'జాడీ కారింది, పెట్టంతా నూనె' అన్నవి 90 మాత్రమే. ముందు ఏది బాగుచేయాలని అడిగితే యజమాని ఆలోచించకుండా కొరియర్ సంగతే చెబుతాడు. పొద్దున లేస్తే ఫోన్ మోగేది దానికే మరి.

అయితే పార్సిల్ ఎక్కడుందని అడిగినవాళ్లలో చాలామందికి రెండో రోజుకల్లా సరుకు అందుతుంది. వాళ్లకు తిరిగి ఇచ్చేదేమీ ఉండదు. కారిన జాడీ అలా కాదు. డబ్బంతా వాపసు ఇవ్వాలి, ఆ పచ్చడి వెనక్కి తెచ్చుకున్నా పనికిరాదు, కొరియర్‌కు కట్టిన సొమ్ము ఎలాగూ పోయింది. చీరల దుకాణానికైతే వాపసు వచ్చిన చీర మళ్లీ అమ్ముడుపోతుంది. ఆవకాయకు ఆ అదృష్టం లేదు.

కాబట్టి తెలుసుకోవలసింది ఏ రకం టికెట్లు ఎక్కువ వచ్చాయన్నది కాదు, ఏ రకం వెంట ఎంత డబ్బు బయటికి పోయిందన్నది. టికెట్ల పట్టీ ఒకచోట, రీఫండ్ల పట్టీ మరోచోట ఉంటాయి. రెండింటిలోనూ ఉండేది ఆర్డర్ నంబరు. దాని ఆధారంగా రెండింటినీ కలిపితే సరిపోతుందని అనిపిస్తుంది. చిక్కు మొదలయ్యేదీ అక్కడే.

ఈ దుకాణం ఆ నెలలో రీఫండ్లు, కూపన్లు కలిపి 2,40,000 రూపాయలు ఇచ్చిందనుకుందాం. రెండు పట్టీలనూ డేటాబేస్‌లో కలిపి, రకాలవారీగా కూడితే 2,87,000 వచ్చింది. ఇవ్వని 47,000 ఎక్కడి నుంచి వచ్చింది? ఒకే కస్టమరు సోమవారం 'పార్సిల్ ఎక్కడుంది?' అని ఒక టికెట్ పెట్టాడు. బుధవారం సరుకు చేరాక 'కారింది' అని ఇంకోటి పెట్టాడు. ఆర్డర్ ఒకటే, రీఫండ్ ఒకటే, టికెట్లు మాత్రం రెండు. అదే రీఫండ్ రెండు రకాల కిందా పడింది.

ఈ తప్పు ఒక రకంగా మంచిదే. మొత్తం తేడాగా కనిపించి తనను తానే పట్టిస్తుంది. ఎక్సెల్‌లో VLOOKUP వాడేవాళ్లకు ఆ భాగ్యం కూడా ఉండదు. ఒక ఆర్డర్‌కు రెండు టికెట్లుంటే, పట్టీలో పైన ఉన్నదాన్నే అది తెచ్చిపెడుతుంది. టికెట్లు తేదీల వరసలో ఉంటే పైనుండేది 'పార్సిల్ ఎక్కడుంది?' అన్నదే. ఇప్పుడు మొత్తం కచ్చితంగా 2,40,000 వస్తుంది. లెక్క కుదిరిందని అందరూ సంతోషిస్తారు. లోపల మాత్రం పార్సిల్ ఖాతాలో 65,000, కారిన జాడీల ఖాతాలో 61,000 కనిపిస్తాయి. కొరియర్‌ను మార్చమన్న యజమాని మాటే నిజమైనట్టుంటుంది.

చివరి టికెట్‌ను తీసుకుంటే సరిపోతుందా అంటే, అదీ కాదు. రీఫండ్ ఇచ్చాక 'డబ్బు ఇంకా పడలేదు' అని మూడో టికెట్ రావచ్చు. రీఫండ్ తేదీకి ముందు వచ్చిన టికెట్లలో ఆఖరిది ఏదో చూసి, డబ్బును దాని కింద రాయడం కొంత నయం. అన్నిటికన్నా మేలైన దారి ఒకటుంది. రీఫండ్ ఇచ్చే ఉద్యోగి ఆ క్షణాన్నే టికెట్ నంబరును అందులో రాసిపెట్టాలి. రేజర్‌పే లాంటి పేమెంట్ గేట్‌వేలలో రీఫండ్‌తో పాటు ఇలాంటి గుర్తు రాసుకునేందుకు notes అనే చోటు ఉంటుంది. చాలా దుకాణాలు దాన్ని ఖాళీగా వదిలేస్తాయి.

రీఫండ్ తేదీని చూసి మళ్లీ కలిపితే ఈ దుకాణం బొమ్మ తిరగబడింది. పార్సిల్ టికెట్లు 420కి కలిపి 18,000 అయితే, కారిన జాడీలు 90కే 1,08,000. అంటే మొదటిదానికి టికెట్‌కు 43 రూపాయలు, రెండోదానికి 1,200. తక్కువ సరుకు, తప్పు సరుకు కింద 34,000, ఆలస్యానికి ఇచ్చిన కూపన్లు 22,000, 'ఇతరాలు' 28,000.

ఇంకా 30,000 మిగిలింది. దానికి టికెట్టే లేదు. యజమాని వాట్సాప్‌లో మాట్లాడి ఇప్పించినవి, కస్టమరు నేరుగా బ్యాంకుకు ఫిర్యాదు చేసి వెనక్కి తీసుకున్నవి ఇందులో ఉంటాయి. లెక్కను టికెట్ల వైపు నుంచి మొదలుపెడితే ఈ సొమ్ము అసలు కనిపించదు. అందుకే రీఫండ్ల పట్టీని ముందు పెట్టుకుని, దానికి టికెట్లు వెతకాలి.

టికెట్‌కూ డబ్బుకూ ఉండే బంధం అన్నిచోట్లా ఒకలా ఉండదు. ఏటీఎంలో నోట్లు రాకుండానే ఖాతాలో డబ్బు కోతపడితే, బ్యాంకు ఐదు రోజుల్లో తిరిగి జమచేయాలి. దాటితే రోజుకు 100 రూపాయలు, అదీ ఖాతాదారు అడగకుండానే ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఆదేశించింది. అక్కడ ఫిర్యాదు లేకుండానే డబ్బు కదులుతుంది. అమెజాన్ క్లౌడ్ వ్యవహారం దీనికి పూర్తిగా ఎదురు. ఫైళ్లు దాచిపెట్టే దాని ఎస్3 సేవ నెలలో 99.9 శాతం సమయం కన్నా తక్కువ పనిచేస్తే బిల్లులో 10 శాతం క్రెడిట్ ఇస్తారు, కానీ గడువులోగా టికెట్ పెట్టి అడిగినవాళ్లకే. ఆ క్రెడిట్ కూడా చేతికి రాదు, రాబోయే బిల్లుల్లో తగ్గిస్తారు.

క్రెడిట్‌ను రీఫండ్‌తో సమానంగా కూడకపోవడానికి కారణం ఇదే. ఆలస్యమైందని 110 మందికి తలా 200 రూపాయల కూపన్ ఇస్తే పుస్తకంలో 22,000. వాళ్లలో 44 మందే గడువులోగా వాడుకుంటే ఖర్చు 8,800 మించదు. ఇచ్చినది ఒక వరసలో, వాడినది మరో వరసలో రాసుకోవాలి.

ఇక కారిన జాడీల సంగతి. ఆ 90లో 64 విమానంలో వెళ్లిన కిలో జాడీలవే. ఇంతమాత్రాన వాటిదే తప్పనలేం, అమ్మేవే ఎక్కువగా అవి కావచ్చు కదా. ఆ రకం ఆర్డర్లు 2,500 అయితే కారినవి దాదాపు రెండున్నర శాతం. మిగిలిన 3,500లో కారినవి 26, అంటే ముప్పావు శాతం. ఇప్పుడు అనుమానం నిలబడుతుంది. పైకి వెళ్లాక విమానంలో గాలి ఒత్తిడి నేల మీదకన్నా తక్కువ. జాడీలో చిక్కుకున్న గాలి ఉబ్బి, వదులు మూత దగ్గర నూనెను బయటికి నెడుతుంది. మూత కింద రేకు సీలు వేయడానికి జాడీకి ఆరు రూపాయలు అవుతుందనుకుంటే, ఆర్డర్‌కో జాడీ చొప్పున నెలకు 15,000. ఆ 64 ఆర్డర్ల మీద పోయింది 77,000 దాకా ఉంది.

ఈ అంకెలన్నీ నిలబడేది ఉద్యోగులు టికెట్‌కు రకం సరిగ్గా రాసినప్పుడే. జాబితాలో పైనున్న పేరునే నొక్కేసేవాళ్లుంటారు. 'కారింది' అంటే ఫోటో అడగకుండా రీఫండ్ ఇచ్చే పద్ధతి ఉంటే, వాదన ఎందుకని అన్నీ అందులోనే వేసేవాళ్లూ ఉంటారు. యాభై టికెట్లు తీసి, ఇద్దరిచేత విడివిడిగా చదివించి రకం రాయిస్తే ఎంత తేడా ఉందో బయటపడుతుంది. వాళ్లిద్దరికే కుదరకపోతే తప్పు ఉద్యోగులది కాదు, రకాల పేర్లదే.

సీలు వేయడం మొదలుపెట్టాక మరుసటి నెల రీఫండ్లను చూసి తగ్గలేదని కంగారుపడేవాళ్లూ ఉంటారు. ఆ రీఫండ్లలో కొన్ని పాత జాడీలవి. రీఫండ్ ఇచ్చిన తేదీని కాకుండా ఆర్డర్ తేదీని పట్టుకుని, సీలు వేసిన జాడీలకు ఫిర్యాదు చేసే గడువు ముగిసేదాకా ఆగి, అప్పుడు ఆ రెండున్నర శాతం ఎంతకు దిగిందో చూడాలి.