ఫోన్ పోయిందా? వరుస తప్పొద్దు

సాయంత్రం ఆరు గంటలు. విజయవాడ పండిట్ నెహ్రూ బస్టాండ్‌లో గుంటూరు బస్సు ఎక్కిన ఒక రిటైర్డ్ టీచర్ సీట్లో కూర్చున్నాక సంచి తడుముకున్నారనుకుందాం. ఫోన్ లేదు. ఫోన్ కవర్ వెనక అరలో పెట్టుకున్న ఏటీఎం కార్డు, ఆధార్ జిరాక్స్ కూడా ఫోన్‌తోపాటే పోయాయి. మనలో చాలామంది ఫోన్‌ను దాచుకునే తీరు ఇదే కాబట్టి, ఈ టీచర్ గారి ఉదాహరణతోనే ఒక్కో అడుగూ చూద్దాం.

ముందు దొంగ ఏం చేస్తాడో తెలియాలి. ఫోన్‌కు స్క్రీన్ లాక్ ఉన్నా సిమ్‌కు లాక్ ఉండదు. సిమ్ తీసి వేరే ఫోన్‌లో వేస్తే చాలు, మన నంబరుకు వచ్చే ఓటీపీలన్నీ అతని చేతికి వెళతాయి. యూపీఐ యాప్ కొత్త ఫోన్‌లో మొదలవ్వాలంటే ఆ సిమ్ నుంచి ఒక ఎస్సెమ్మెస్ వెళ్లాలి. సిమ్ అతని దగ్గరుంది కాబట్టి అదీ వెళుతుంది. ఇక మిగిలిన అడ్డు యూపీఐ పిన్. డెబిట్ కార్డు చివరి ఆరు అంకెలు, గడువు తేదీ, ఓటీపీ ఉంటే ఆ పిన్‌ను కొత్తగా పెట్టుకోవచ్చు. కొన్ని బ్యాంకులు ఏటీఎం పిన్ కూడా అడుగుతాయి గానీ, ఆధార్ ఓటీపీతో పిన్ మార్చే దారి ఇంకొకటి ఉంది. కవర్‌లో కార్డు, ఆధార్ రెండూ ఉంటే తాళంతోపాటు తాళంచెవీ ఇచ్చినట్టే.

టీచర్ గారు చేయాల్సిన మొదటి పని పక్క సీటు అబ్బాయిని "బాబూ, ఒక్కసారి నీ ఫోనివ్వు" అని అడిగి తన నంబరుకు రింగ్ చేయడం. ఎక్కడో జారిపడి ఉంటే ఎవరో ఒకరు ఎత్తి మాట్లాడతారు. రింగవుతున్నా ఎత్తకపోయినా, స్విచాఫ్ అని వచ్చినా పోయిందనే అనుకోవాలి. వెంటనే అదే ఫోన్ నుంచి కొడుక్కి చేయాలి. ఇంట్లో ఒక్కరి నంబరైనా నోటికి వచ్చి ఉండాలనేది ఇందుకే.

ఇప్పుడు కొడుకు ముందు రెండు పనులున్నాయి: ఫోన్‌ను దూరం నుంచి లాక్ చేయడం, సిమ్ ఆపించడం. ఇక్కడే చాలామంది తికమకపడతారు. సిమ్ ఆగిపోతే ఫోన్‌కు ఇంటర్నెట్ ఉండదు, అప్పుడు లాక్ ఆదేశం దానికి చేరదు. అందుకని రింగ్ అవుతుంటే ముందు లాక్ చేయాలి. ఆండ్రాయిడ్ ఫోన్ అయితే android.com/lock లో నంబరు ఇస్తే స్క్రీన్ లాక్ అవుతుంది. అయితే ఆ ఫోన్ సెట్టింగ్స్‌లో రిమోట్ లాక్‌ను ముందే ఆన్ చేసి ఉండాలి. అమ్మ గూగుల్ పాస్‌వర్డ్ తెలిస్తే android.com/find లో ఫోన్ ఎక్కడుందో చూసి, అక్కడి నుంచే లాక్ చేయొచ్చు. రెండో దశ ధ్రువీకరణ పెట్టుకున్నవారికి ఇక్కడొక చిక్కుంది: గూగుల్ అనుమతి అడిగేది పోయిన ఆ ఫోన్‌నే. ఐఫోన్‌కు icloud.com/find లో ఆ కోడ్ అడగకుండానే లాస్ట్ మోడ్ పెట్టుకోవచ్చు. ఈ ప్రయత్నానికి ఐదు నిమిషాలకు మించి ఇవ్వొద్దు. ఫోన్ స్విచాఫ్ అయి ఉంటే అసలు ఆగొద్దు. మొత్తం డేటా చెరిపేసే ఆదేశం మాత్రం తొందరపడి ఇవ్వకండి. ఆండ్రాయిడ్‌లో చెరిపేశాక ఫోన్ జాడ కనిపించదు.

తర్వాత సిమ్. అదే కంపెనీ సిమ్ ఉన్న వేరే ఫోన్ నుంచి 198కి చేసి, సిమ్ పోయింది, ఆపండి అని చెప్పాలి. పేరు, పుట్టిన తేదీ లాంటి వివరాలు అడుగుతారు. కస్టమర్ కేర్ నంబరు కోసం గూగుల్‌లో వెతికి, మొదట కనిపించినదానికి చేయకండి. మోసగాళ్లు పెట్టిన దొంగ నంబర్లు అక్కడ ఉంటాయి.

మూడోది బ్యాంకు. పాస్‌బుక్ మీదో, కార్డు వెనకో, బ్యాంకు సొంత వెబ్‌సైట్‌లోనో ఉన్న నంబరుకు చేసి కార్డుతోపాటు యూపీఐ, మొబైల్ బ్యాంకింగ్ కూడా ఆపమనాలి. కార్డు ఒక్కటే ఆపి ఊరుకుంటే యూపీఐ దారి తెరిచే ఉంటుంది. ఫిర్యాదు నంబరు, చెప్పిన సమయం కాగితం మీద రాసుకోవాలి. రిజర్వ్ బ్యాంక్ 2017 జూలైలో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, ఖాతాదారు అజాగ్రత్త వల్ల నష్టం జరిగినా, బ్యాంకుకు చెప్పిన తర్వాత పోయే డబ్బుకు బాధ్యత బ్యాంకుదే. ఏడు గంటల ఐదు నిమిషాలకు చెప్పినట్టు రుజువుంటే, ఏడుంబావుకు పోయిన డబ్బు గురించి నిలదీసి అడగొచ్చు. అప్పటికే డబ్బు పోయి ఉంటే ఆ క్షణమే 1930కి చేయాలి. దొంగ ఆ డబ్బును వేరే ఖాతాలోంచి డ్రా చేసేలోపు అక్కడే నిలిపేయించే ఏర్పాటు అది. ఆలస్యమైనకొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది. బంధువులకూ ఒక మాట చెప్పాలి: ఆ నంబరు నుంచి వాట్సాప్‌లో డబ్బు అడిగితే పంపొద్దని.

ఇంతవరకూ అయ్యాక, గుంటూరులో దిగి పోలీస్ స్టేషన్‌కు వెళ్లొచ్చు. పోయింది విజయవాడలో కదా అని తిప్పి పంపడానికి లేదు. దొంగతనం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలని 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం చెబుతోంది. ఫిర్యాదులో ఫోన్ ఐఎంఈఐ నంబరు రాయాలి. ఇది ఫోన్‌కు ఇంటిపేరు లాంటి 15 అంకెల సంఖ్య. ఫోన్ కొన్న డబ్బా మీద, బిల్లు మీద ఉంటుంది. రెండు సిమ్‌ల ఫోన్‌కు రెండు ఉంటాయి, రెండూ ఇవ్వాలి.

ఫిర్యాదు కాపీ, గుర్తింపు కార్డుతో అదే నంబరుకు డూప్లికేట్ సిమ్ తీసుకోవాలి. కొత్త సిమ్‌కు మొదటి 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు రావు. సిమ్ మార్చి డబ్బు కాజేసే మోసాలను ఆపడానికి పెట్టిన నిబంధన ఇది. సిమ్ పాడైందేమోనని కంగారు పడనక్కర్లేదు.

ఓటీపీ రావడం మొదలయ్యాక కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ వెబ్‌సైట్ sancharsaathi.gov.in లో పోయిన ఫోన్‌ను బ్లాక్ చేయమని కోరాలి. దీని వెనకున్న వ్యవస్థ పేరు సీఈఐఆర్. 2023 మే నుంచి దేశమంతటా పనిచేస్తోంది. ఐఎంఈఐ, పోలీసు ఫిర్యాదు వివరాలు, బిల్లు ఇస్తే 24 గంటల్లో ఆ ఫోన్ దేశంలో ఏ నెట్‌వర్క్‌లోనూ పనిచేయకుండా పోతుంది. ఎవరైనా అందులో కొత్త సిమ్ వేసి చూస్తే ఆ సమాచారం పోలీసులకు చేరుతుంది. దొరికిన ఫోన్లను తెలుగు రాష్ట్రాల పోలీసులు సొంతదారులకు తిరిగిస్తున్నారంటే దీని వల్లే. అయితే ఫోన్ దేశం దాటినా, విడిభాగాలుగా అమ్ముడుపోయినా ఇది ఏమీ చేయలేదు. వెబ్‌సైట్ ఇచ్చే రిక్వెస్ట్ ఐడీని జాగ్రత్తగా దాచుకోవాలి. ఫోన్ దొరికాక బ్లాక్ తీయించడానికి అదే కావాలి.

కొన్నాళ్లకు 'మీ ఫోన్ దొరికింది, ఈ లింక్ నొక్కండి' అని మెసేజ్ రావచ్చు. పాస్‌వర్డ్ రాబట్టి లాక్ తీసుకోవడానికి దొంగలు వేసే ఎత్తు అది. పోలీసుల నుంచి కబురు వచ్చినా మన స్టేషన్‌కు ఫోన్ చేసి నిర్ధారించుకోవాలి.

ఈ పత్రిక పక్కన పెట్టే ముందు మూడు పనులు చేయండి. ఫోన్‌లో *#06# నొక్కితే వచ్చే ఐఎంఈఐ నంబర్లను ఇంట్లో డైరీలో రాసుకోండి. సెట్టింగ్స్‌లో సిమ్ పిన్ పెట్టుకోండి. అది ఉంటే సిమ్‌ను వేరే ఫోన్‌లో వేసినా పిన్ కొట్టనిదే పనిచేయదు, మూడుసార్లు తప్పు కొడితే సిమ్ లాక్ అవుతుంది. ఇక ఫోన్ కవర్‌లో ఉన్న ఏటీఎం కార్డును, ఆధార్‌ను ఇప్పుడే బయటికి తీసేయండి.